చేతికి గడియారం, కాలికి కసరత్తు

మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి మల్కాజ్‌గిరిలోని మా మూడో అంతస్తు దిగలేదు నేను. లిఫ్టు లేదు. కాలికి బలం వస్తేనే మెట్లు దిగనిస్తానంది ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. చీలమండకు కిలో ఇసుక సంచి కట్టుకుని, కుర్చీలో కూర్చుని కాలు చాచి దించాలి. ఎన్నిసార్లు చేశానో తెలియాలని కోడలు తన స్మార్ట్ గడియారం నా చేతికి పెట్టింది.

"కసరత్తు మోడ్ పెట్టిన అత్తమ్మా. ఈ బటన్ నొక్కి షురూ చెయ్యి. మిగతాది అదే లెక్క పెడ్తది" అని ఆఫీసుకు పోయింది.

నొక్కాను. రెండు చేతులతో కుర్చీ గట్టిగా పట్టుకుని కాలు ఎత్తాను. చెమట పట్టింది. చూస్తే సున్నా. మళ్లీ ఎత్తాను, మళ్లీ సున్నా. ఏడుపొచ్చింది. ఆపడం ఎలాగో చెప్పలేదు కదా, అలాగే వదిలేసి, బల్ల ముందు కూర్చుని చపాతీలు ఒత్తుకున్నాను.

సాయంత్రం కోడలు, గడియారం లెక్కలు వచ్చే తన ఫోను చూసి, "అబ్బో, ముప్పై ఎనిమిది! పహిల్వాన్ అయితున్నవ్ అత్తమ్మా!" అంది.

"నేను చేసినప్పుడు సున్నానే ఉండె బిడ్డా."

"నీకు చూసుడు రాలే. గడియారం ఎందుకు అబద్ధం చెప్తది?"

చదువుకున్నవాళ్ల మాట, కాదనలేకపోయాను. అది ఆలస్యంగా లెక్కపెడుతుందేమో అనుకున్నాను. రోజూ అదే జరిగింది. ఇంటికొచ్చినప్పుడు ఆ అంకెలు చూసి ఫిజియో అమ్మాయి రెండు కిలోల సంచి కట్టించింది. రెండు రోజులకే మోకాలు కుండలా ఉబ్బింది.

ఈసారి ఆమె ఎదురుగా కూర్చుని చేయించింది. సున్నా. గడియారం తిప్పి చూసి నుదురు కొట్టుకుంది. "ఇది మణికట్టు కదలికలే చూస్తది ఆంటీ. మీరు కుర్చీ పట్టుకుంటే చెయ్యి కదలదు, కాలు ఎత్తింది దానికెట్ల తెలుస్తది? తర్వాత చేతులతోని ఏం చేస్తరు?"

"చపాతీలు ఒత్తుత."

"గవే లెక్కపెట్టింది! ఒక విడత కసరత్తు అయినంక సెట్టు ఆపకపోతే అది నడుస్తనే ఉంటది. అడగకుండా బరువు పెంచిన, తప్పు నాదే."

తర్వాత దగ్గర కూర్చుని నేర్పింది. నోటితో లెక్కపెట్టుకోవాలి. కాలు దించగానే బటన్ నొక్కితే సెట్టు ఆగుతుంది. అప్పుడు తెరమీద అంకె వస్తుంది. దాన్ని పైకో కిందికో జరిపి నేను చేసినంత పెట్టాలి, కింద బరువు పెట్టాలి, సరే అనాలి. కాసేపు ఆగి మళ్లీ నొక్కితే రెండో సెట్టు. మరిచిపోతే కోడలు ఫోనులో దిద్దొచ్చు.

కిలో సంచితో చేశాను. ఆరుసార్లకే కాలు వణికింది. సున్నాను ఆరు చేశాను, వేలు తప్పి ఏడు అయితే మళ్లీ వెనక్కి తెచ్చాను.

"మెట్లు ఎప్పుడు దిగాలె?" అన్నాను.

ఆమె ఆరునే చూస్తూ, "ఇంకా కాదు ఆంటీ. ముందు వాపు తగ్గనియ్యండి" అంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కోడలు నా మోకాలికి ఐసు పెట్టింది. ఫోనులో ఆ ముప్పై ఎనిమిదిని తనే దిద్దింది.