మూడో ప్రతివాది

పదకొండో రోజు కర్మ అయిన మర్నాడు ఆ ఇంటికి వెళ్తే, నన్ను గడప బయటే నిలబెట్టి మాట్లాడారు. లోపల నాలుగు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ సంగతి నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు.

చనిపోయినాయన రైతు. గోదావరిఖని శివారులో, రోడ్డుకు కొంచెం లోపలగా తాను కొనుక్కున్న భూమిలో పది గుంటలు నాకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం. కొంత సొమ్ము తీసుకుని సంతకం పెట్టాడు. సర్వే చేయించి ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ చేస్తానన్నాడు. నాలుగో నెలలో పొలం దగ్గరే కూలిపోయాడు.

నేను బొగ్గుబాయిలో పని చేసేవాణ్ణి. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. ఆ రోజు వస్తే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. మాకు వేరే ఊరు లేదు, వేరే ఇల్లు లేదు. ఆ పది గుంటలు దక్కితేనే మాకొక గోడ లేస్తుంది.

ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. భార్య ముందే పోయింది. పెద్దకొడుకు అగ్రిమెంటు జిరాక్స్ చదివి నా చేతికే తిరిగిచ్చాడు.

"ఇది రాసినాయన పోయిండు గదా కాక. ఆయనతోనే ఇది గూడ పోయింది. మేమేమన్న సంతకం పెట్టినమా?"

"మీ నాయన మాట ఇచ్చిండు బిడ్డా."

"మాట ఇచ్చినాయననే అడుగుపో. నీ అడ్వాన్సు ఎప్పుడో ఇస్తం తియ్."

చిన్నవాడు నవ్వాడు. నేను వాకిట్లో నుంచి కదలలేదు. అప్పుడు వాళ్ల చెల్లెలు లోపలి నుంచి చెంబుతో మజ్జిగ తెచ్చింది. శ్రీరాంపూర్‌లో ఇచ్చారామెను.

"నాయన నాకు చెప్పిండు కాక, మీకిస్తున్ననని. ముందు ఇది తాగు, ఎండల వచ్చినవ్" అంది. పెద్దకొడుకు ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

వారం తర్వాత మా పక్క క్వార్టర్ ఆయన వచ్చి, ఆ భూమిలో ఎవరో టేపు పట్టి కొలుస్తున్నారని చెప్పాడు. డ్యూటీ ఉన్నా వెళ్లాను. సిమెంటు వ్యాపారి ఒకాయన హద్దురాళ్లు చూస్తున్నాడు. పక్కనే పెద్దకొడుకు. నేను అగ్రిమెంటు తీసి వ్యాపారికి చూపించాను.

"ఇది చదివి కొను అన్న. తెల్వక కొన్ననని రేపు అనొద్దు."

ఆయన చదివాడు. టేపు చుట్టుకున్నాడు. "నాకెందుకయ్యా ఈ లొల్లి" అని బండెక్కాడు. పెద్దకొడుకు నా మీదికి వచ్చాడు. చేయి ఎత్తాడు గానీ కొట్టలేదు. కొడితే ఇంకా బాగుండేది, ఆ కేసు గూడా పెట్టేవాణ్ణి.

వకీలు మంథని ఆయన, నిదానస్తుడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"భూమి ఆయన కొన్నదా, తాతల నాటిదా?"

"కొన్నదే సార్. కష్టపడి కొనుక్కున్నడు."

"మంచిది. ఒక్కటి గుర్తు పెట్టుకో. ఈ కాగితంతోటి భూమి నీది కాలేదు. రిజిస్ట్రేషన్ చెయ్యమని అడిగే హక్కు నీకొచ్చింది, అంతే. కానీ ఆయన పోతే ఆ హక్కు పోదు. భూమి ఎవరికి దిగుతదో, రిజిస్ట్రేషన్ చేసే బాధ్యత గూడ వాళ్లకే దిగుతది. గడువు దాటినంక మూడేళ్లల్ల కేసు వెయ్యాలె. మిగిలిన సొమ్ముతోటి తయారుగున్నవని నువ్వు చూపియ్యాలె. అది గాకపోతే ఏదీ గాదు. వారసుల పేర్లు చెప్పు."

ఇద్దరి పేర్లే చెప్పాను.

"ఆడపిల్లలు లేరా?"

"లేరు సార్."

అబద్ధం నోట్లోంచి దానంతటదే వచ్చింది. నాకు మజ్జిగ ఇచ్చిన చేతికి నోటీసు పంపడం నావల్ల కాలేదు.

నోటీసు ఇద్దరికీ వెళ్లింది. ఫలానా రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు రమ్మని అందులో ఉంది. ఆ రోజు సెలవు పెట్టి, బ్యాంకు కాగితాలతో పొద్దున్నుంచి ఆఫీసు మూసేదాకా కూర్చున్నాను. లోపలికి వచ్చే ప్రతి మనిషి ముఖం చూశాను. ఇద్దరూ రాలేదు. మూడో రోజు జవాబు వచ్చింది. అగ్రిమెంటు మీద సంతకం తమ తండ్రిది కాదని, పైగా ఒక వారసురాలిని వదిలేసి నోటీసు ఇచ్చారని రాశారు.

వకీలు ఆ జవాబు నా ముందు పెట్టాడు. అంతవరకు ఆయన గొంతు పెరగడం నేను వినలేదు.

"బిడ్డ లేదన్నవ్. మరి ఈమె ఎవరు?"

"మంచి పిల్ల సార్. ఆమెను ఇందులకు లాగొద్దనుకున్న."

"నువ్వు లాగలే, చట్టం లాగుతది. ఆ భూమిల ఆమెకు గూడ వాటా ఉన్నది. ఆమె సంతకం లేకుంటే నీ రిజిస్ట్రేషన్ కుంటిదే. ఒక్క వారసురాలిని ఇడిసిపెట్టి కేసేస్తే వాళ్ల వకీలు ముందు దాన్నే పట్టుకుంటడు."

ముగ్గురికీ మళ్లీ నోటీసు తయారైంది. రిజిస్ట్రేషన్‌కు రాకపోతే కేసులో ముగ్గురూ ప్రతివాదులని, మూడో పేరు ఆమెదని అందులో ఉంది. ఆదివారం శ్రీరాంపూర్ వెళ్లి ఆమెకు నా నోటితో చెబుదామనుకున్నాను. ఆ వారం సెకండ్ షిఫ్టు. ఆదివారం పనికి రమ్మంటే వెళ్లాను. సోమవారం పోస్టు నాకంటే ముందు వెళ్లింది. ఆమె మామ సంతకం పెట్టి తీసుకున్నాడు.

గురువారం ఆమే మా క్వార్టర్‌కు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"కాక, నాకు కోర్టు నోటీసు పంపినవా?"

"బిడ్డా, అది వకీలు..."

"మా మామ వాడకట్టు వినేటట్టు చదివిండు. పుట్టింటోళ్లు భూమి కోసం కోర్టుకెక్కిన్రట, కోడలు మూడో ప్రతివాది అట అని. మా అత్త రెండు దినాల నుంచి నాతోని మాట్లాడ్తలేదు. ఒక్క మాట ముందు చెప్తే నీదేం పోతుండె?"

ఆమె వెళ్లిపోయింది.

కేసు వేశాం. తేలేదాకా అమ్మకూడదని కోర్టు ఆపింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో వాయిదా మీద వాయిదా పడింది. నేను రిటైరయ్యాను. క్వార్టర్ ఖాళీ చేసి రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అగ్రిమెంటు సాక్షి ఒకాయన అన్నదమ్ముల మేనమామ. బోనెక్కి, సంతకం పెట్టింది తానే గానీ ఏ కాగితమో గుర్తులేదన్నాడు. నా వైపు చూడకుండా దిగిపోయాడు. ఆయన ఇంట్లో పెళ్లికి తర్వాత పత్రిక వచ్చింది, నేను వెళ్లలేదు.

అప్పుడు వకీలు ఆ చెల్లెలికి సాక్షిగా సమన్లు వేయిద్దామన్నాడు. వద్దన్నాను. వస్తే వాళ్లవైపే చెబుతుందని నాకు భయం.

"అయితే ఇడిసిపెట్టు, కేసు గూడ ఇడిసిపెట్టు" అన్నాడాయన. సమన్లకు ఒప్పుకున్నాను.

ఆమె వచ్చింది. అన్నలు వెనక బెంచీ మీద ఉన్నారు. వకీలు కాగితం చూపించాడు.

"ఈ సంతకం ఎవరిదమ్మా?"

"మా నాయనది."

"ఎట్ల చెప్తవ్?"

"చివరి అక్షరం కింద గీత గీసి, దాని మీద రెండు చుక్కలు పెడ్తడు. నా బడి కాగితాల మీద గూడ గట్లనే పెట్టేటోడు. ఆ కాగితాలు తెచ్చిన."

అన్నల వకీలు లేచాడు. "నీకు మీ అన్నలంటే కోపమున్నదా?"

"ఉన్నది. ఈ కాక మీద గూడ ఉన్నది. సంతకం మాత్రం నాయనదే."

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జి తల ఎత్తితే ఆగింది.

తీర్పు నాకే వచ్చింది. మిగిలిన సొమ్ము కోర్టులో కట్టాను. వాళ్లు రాకపోతే కోర్టే రిజిస్ట్రేషన్ చేయిస్తుందని తెలిసి అన్నదమ్ములు ఆఫీసుకు వచ్చారు. ఆమె కూడా వచ్చింది. వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుని, శ్రీరాంపూర్ బస్సెక్కింది.

ఇల్లు కట్టాను. గృహప్రవేశానికి పిలవడానికి శ్రీరాంపూర్ వెళ్లాను. లోపలికి పిలిచింది, కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. పత్రిక తీసుకుని చదివింది.

"నాయన మాట నిలబడ్డది కాక. సంతోషం" అంది. "నేను రాను."

అన్నదమ్ములిద్దరూ వచ్చి తిని వెళ్లారు.

నాకు ఎవరేం చేశారో అన్నీ గుర్తున్నాయి, ఎవరు అడిగినా వరసగా చెబుతాను. ఆ ఆదివారం డ్యూటీకి పోకుండా బస్సెక్కి ఉంటే ఏమయ్యేదో మా ఆవిడ ఒకసారి అడిగింది. లేచి బయటికి వెళ్లాను.