కింది వరుస

నా చేతిరాత బాగుంటుందని నాకు కొంచెం గర్వం. మోత్కూరు దగ్గర మా ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా పత్రికల మీద పేర్లు రాయడానికి నన్నే పిలిచేవాళ్ళు. అందుకే తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు నారాయణపేట వైపు ఒక చిన్న బడికి టీచరుగా వెళ్ళినప్పుడు, ఇంకేం నేర్పినా నేర్పకపోయినా ఒకటో తరగతి పిల్లలతో అక్షరాలు గుండ్రంగా రాయించి తీరాలనుకున్నాను.

ఎండాకాలం సెలవుల్లోనే ఒక నోటుబుక్కులో అంతా వారాలవారీగా రాసుకున్నాను. అ, ఆలతో మొదలుపెట్టకూడదు. అ మెలికలు తిరిగే అక్షరం, ఐదారేళ్ళ చేతికి కష్టం. మొదట ఇసుకలో వేలితో నిలువు గీతలు, ఏటవాలు గీతలు, సున్నాలు, అరసున్నాలు. తర్వాత గ, ర లాంటివి. ప చేయి తిరిగాక దాని పోలికలున్న ష, ఫ. ఏ అక్షరమైనా ముందు ఒళ్ళు, చివర తలకట్టు. తలకట్టు ముందే పెట్టేస్తే మిగతా అక్షరం దాని కింద ఇరుక్కుంటుంది. ఇంకొక పేజీ నిండా కూర్చునే తీరు: పాదాలు నేలకు ఆనాలి, వీపు నిటారుగా ఉండాలి, ఎడమ చెయ్యి పుస్తకాన్ని పట్టుకోవాలి, పెన్సిల్‌ను మూడు వేళ్ళే మొయ్యాలి.

బడి తెరిచాక తెలిసింది, మా బెంచీలు పెద్దపిల్లల కోసం చేసినవి. చిన్నవాళ్ళ కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. ఊళ్ళో ఇల్లు కడుతున్న వాళ్ళను అడిగి ఇటుకలు తెప్పించి కాళ్ళ కింద పేర్చాను. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిల్లల్లో ఒక నేతగాళ్ళ అమ్మాయి ఉండేది. ఇంట్లో కన్నడం కలిసిన మాట, బళ్ళో ఎక్కువ మాట్లాడేది కాదు. ఇటుకల మీద కాళ్ళు పెట్టుకుని అందరికంటే చక్కగా కూర్చునేది. ఇసుకలో గీతలూ బాగానే గీసింది. కాపీ పుస్తకం చేతికివ్వగానే తేడా వచ్చింది.

ప్రతి పేజీ పైన నేనొక వరుస రాసిచ్చేదాన్ని. పిల్లలు దాన్ని చూస్తూ కింద ఎనిమిది వరుసలు నింపాలి. ఒకటో తరగతినీ రెండో తరగతినీ ఒకే గదిలో నేనే చూడాలి కాబట్టి, వీళ్ళు రాసేటప్పుడు నేను అటు తిరిగి లెక్కలు చెప్పేదాన్ని. పుస్తకాలు మధ్యాహ్నం దిద్దేదాన్ని. ఆ అమ్మాయి పేజీలో నేను రాసిచ్చిన వరుస కిందే ఉన్న వరుస ముచ్చటగా ఉండేది. కిందికి పోయేకొద్దీ అక్షరాలు వంకర. అట్టడుగు వరుస మరీ ఘోరం, పైగా పెన్సిల్ మసి అంటుకుని మురికిగా ఉండేది. మిగతా పిల్లలవీ కిందికి పోతే చెడేవి కానీ ఇంత కాదు. ఎనిమిది వరుసలకే చెయ్యి అలిసిపోతుందా? మనసు పెట్టడం లేదా? పెన్సిల్ మార్చాను, పొట్టిది ఇచ్చాను, బెంచీ మార్చాను. ఏం చేసినా అదే వరస. నా నోటుబుక్కులో దీనికి జవాబు లేదు. నాకు తిక్క పుట్టింది. రోజూ కింది వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "శ్రద్ధ లేదు" అని రాశాను.

రెండు నెలలు చూసి, ఈ పిల్ల ఇంకో ఏడాది అంగన్‌వాడీలో కూర్చుంటేనే మంచిదని నిర్ణయించుకున్నాను. వాళ్ళమ్మను పిలిపించి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. "తోటి పిల్లలందరు ఈడ ఉంటరు, గిదొక్కతే ఎన్కకు పోతదా మేడం? సిగ్గువడ్తది," అన్నది. మరునాటి నుంచి పిల్ల బడికి రాలేదు. అంగన్‌వాడీకీ పోలేదని అక్కడి ఆయమ్మ చెప్పింది. మూడో రోజు నాకు గుబులు పుట్టి, పిల్ల కాపీ పుస్తకాన్ని సంచిలో వేసుకుని వాళ్ళింటికి పోయాను.

వాళ్ళ నాయిన మగ్గం మీద ఉన్నాడు. గుంట మగ్గం. గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలి తొక్కుడు కర్రల మీద ఆనించి, వీపు నిటారుగా పెట్టి కొత్త చీర మొదలుపెడుతున్నాడు. పిల్ల ఆయన పక్కనే అదే తీరుగా కూర్చుని ఉంది. నా నోటుబుక్కులో పేజీ నిండా రాసుకున్న కూర్చునే తీరు అక్కడ తండ్రీబిడ్డలకు పుట్టుకతో వచ్చినట్టుంది. నన్ను చూసి పిల్ల లేవబోయింది. కూర్చోమన్నాను.

మగ్గం వైపే చూస్తూ నిలబడ్డాను. దారపు కండె పెట్టిన నాడె అటూ ఇటూ పోతోంది. బట్ట ఆయన పొట్ట దగ్గర వేలెడు మేర పుట్టింది. ఎదురుగా పడుగు దారాలు దూరం దాకా ఖాళీగా ఉన్నాయి.

"ఈ కొస నుంచా మొదలుపెట్టేది?" అని అడిగాను.

"మరి యాడికెళ్ళి మేడం? మన పొట్టకాడ మొదలైతది, ముంగటికి పోతది," అన్నాడు ఆయన. అడిగినదానికి వింతపడ్డట్టు నా మొహం చూశాడు.

నేను సంచిలోంచి పుస్తకం తీసి పిల్లకిచ్చాను. "ఒక పేజీ రాయి బిడ్డా, నేను చూస్తా."

పిల్ల మగ్గం పక్కనే పుస్తకం పెట్టుకుంది. పైన నేను రాసిన ప వైపు తలెత్తి చూసి, అట్టడుగు వరుసలో, తన పొట్ట దగ్గర, మొదటి ప రాసింది. ఒళ్ళు ముందు, తలకట్టు చివర. వంకర. వరుస నింపింది. మళ్ళీ తలెత్తి నా అక్షరాన్ని చూసి, దాని పై వరుస అందుకుంది. మణికట్టు కింది వరుస మీద రాసుకుపోయి మసి అంటింది. ఒక్కో వరుస పైకి పోయేకొద్దీ అక్షరం కుదురుకుంది. నా వరుస కిందికి చేరేసరికి నా ప కింద తన ప దానికి దీటుగా నిలబడింది.

 మిగతా పిల్లలు పై వరుస రాశాక దాన్నే చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది రాస్తున్నారు. తమ తప్పును తామే కాపీ చేసుకుంటూ కిందికి జారుతున్నారు. వాళ్ళకు నేను బాగుందని ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టాను. ప్రతి వరుసకూ తలెత్తి నా అక్షరాన్ని చూసిన పిల్లను వెనక్కి పంపాను. పేజీలు చూస్తే వాళ్ళవీ ఈమెవీ పైన బాగుండి కింద చెడినట్టు ఒకేలా ఉన్నాయి. ఇంకెన్ని పుస్తకాలను ఇట్లా తలకిందులుగా చదివానో ఆ రోజూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

"రేపు బడికి పంపండి," అన్నాను వాళ్ళ నాయినతో. "తప్పు నాది. అంగన్‌వాడీ మాట మరిచిపోండి."

ఆ మర్నాడు పిల్లలందరినీ కింది వరుస నుంచి రాయమన్నాను. మసి అంటకుండా మణికట్టు కింద చిన్న కాగితం పెట్టించాను. అందరూ తలలెత్తి నా అక్షరం వైపు చూడటం మొదలుపెట్టారు.

ఆ అమ్మాయి ఇటుకల మీద కాళ్ళు ఆనించి పాత పేజీలు తిప్పుతోంది. నేను పక్కన నిలబడితే ఒక ఎర్ర సున్నా మీద వేలు పెట్టింది.

"గిది నేను మొదలు రాసింది మేడం," అంది మెల్లగా. "మంచిగొచ్చింది పైన ఉండె. మీరు గాడ ఒక్కసారి గూడ ఏం రాయలే."

నేను ఎర్ర పెన్ను మూత పెట్టి, ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ప్రతి పేజీ తిప్పి, పై వరుస పక్కన, నాకు చేతనైనంత అందంగా "బాగుంది" అని రాసుకుంటూ పోయాను. రెండు నెలల పేజీలు. పెన్సిల్‌తోనే రాశాను.