రెంటచింతల మంచం మీంచి కారు వేడిచేసిన శ్రీకాంత్

మా వీధి శ్రీకాంత్ కాలు విరగ్గొట్టుకుని మూడు నెలలుగా మంచానికి అంటుకుపోయాడు. నేను రిటైరైన మాస్టార్ని, నాకేం పని? రోజూ పొద్దున్నే పేపరు చంకన పెట్టుకుని వాళ్లింటికి పోతాను. పేపరు వాడికి, కాఫీ నాకు.

వాడి భార్య ధరణి నార్వేలో వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా చేస్తోంది. ఇక్కడ నర్సింగు చదివిన పిల్లే. అక్కడి భాషా పరీక్ష నెగ్గితే నర్సు పోస్టు, ఆ జీతం ఉంటేనే మొగుడికి వీసా. అప్పటిదాకా వీడిక్కడే.

మంచంలో వాడికి మిగిలినవి రెండే పనులు, రెండూ ఫోన్లోనే. ఒకటి మిరపతోట బోరు మోటారు. స్టార్టరుకు సిమ్ము బిగించారు. కరెంటు రాగానే ఫోను కొడితే మోటారు తిరుగుతుంది. రెండోది ధరణి కరెంటు కారు. ఆవిడ డ్యూటీకి బయల్దేరే ముందు వీడిక్కడ యాప్‌లో బటన్ నొక్కుతాడు. అక్కడ మంచులో ఉన్న కారు లోపలా, కింద బ్యాటరీ కూడా వెచ్చబడతాయి. అరగంటకి దానంతటదే ఆగిపోతుంది. అది చూస్తే నాకు చిన్నపిల్లాడికి మల్లే సంబరం.

"ఒరేయ్, ఇవాళ ఎంత చలిరా అక్కడ?" అన్నాను ఆ రోజు.

"మైనస్ ఇరవై మాస్టారూ. ఇయాల్నే పరీక్ష. నూటపది కిలోమీటర్లు పోవాల."

మనకి తొమ్మిదైంది, అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. తోటకి కరెంటొచ్చింది. మోటారు వేశాడు, అదే ఊపులో కారు బటనూ నొక్కాడు.

"ఆరున్నరకి గదరా ఆ పిల్ల బయల్దేరేది? ఇప్పుడే ఎందుకు?"

"తిరగనీయండి మాస్టారూ. ఎంత కాగితే అంత మంచిది."

అరగంటకి ఆగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆగింది, మళ్లీ నొక్కాడు. మా ఊళ్లో ఎవరైనా అంతే చేస్తారు. బోరుకి కరెంటు ఉన్నంతసేపూ తిప్పుకోవడమే, లెక్క ఎవడు చూస్తాడు? నాలుగుసార్లు నొక్కాడు. నేనూ పక్కన కూర్చుని "కానీరా" అన్నవాణ్ణే.

పదకొండింటికి ధరణి ఫోను.

"ఏందయ్యా నువ్వు చేసింది? రాత్రి డెబ్బై ఒకటుంది చార్జింగు. ఇప్పుడు యాభై నాలుగు!"

"ప్లగ్గులో పెట్టలా?"

"ప్లగ్గు కాడ వేరేవాళ్ల కారుంది. ప్లగ్గులో ఉంటే గోడ కరెంటుతో కాగుద్ది, లేకపోతే బ్యాటరీ తింటది. యాప్‌లో రాసుండలా? పది నిమిషాలు చాలని ఎన్నిసార్లు చెప్పా?"

రాసే ఉంది. వీడు చూసింది డిగ్రీలు మాత్రమే. నేనైతే అదీ చూడలేదు.

"మధ్యలో చార్జింగు పెట్టుకోవే."

"తొమ్మిదికి పరీక్ష హాలు తలుపులేస్తారు. ఆగితే అందను. హీటరాపి పోతా. ఆ ఫోను ముట్టుకోమాక!"

పెట్టేసింది.

వాడు ఫోను గుండెల మీద పెట్టుకున్నాడు. తెరమీద చార్జింగు అంకె తగ్గుతోంది. నలభై, ముప్పై ఒకటి, పంతొమ్మిది. వాడికి చేయగలిగింది ఏమీ లేదు. లేవలేడు, నొక్కలేడు, పిలవలేడు. పిండికట్టు కింద దురద పెడుతున్నా గోక్కోవడం మర్చిపోయాడు.

"ఆగిపోతే ఆ మంచులో బిగుసుకుపోద్ది మాస్టారూ."

రెండు గంటలకు పైగా నేనూ ఆ అంకెకేసే చూస్తూ కూర్చున్నాను.

మూడు దగ్గర అంకె నిలిచిపోయింది. ఒంటిగంటా ఇరవై, అంటే అక్కడ తొమ్మిదికి పది నిమిషాలు. యాప్ మ్యాపులో కారు బొమ్మ పట్నంలో ఆగింది. లోపలికి పోయిందో లేదో కారు చెప్పదు గదా.

నేను అన్నానికి ఇంటికి పోయి, సాయంత్రం ఆరున్నరకి మళ్లీ వచ్చేసరికి ఆవిడ ఫోనులో ఉంది. తలుపు వేసే ముందే దూరిందట.

"చేతులు కొయ్యబారి మొదటి పేజీ పిచ్చిగీతలు. తర్వాత బానే రాశా. రిజల్టు నెలకి."

"ఇప్పుడు బయల్దేరావా?"

"ఏడకి? చార్జరు కాడ కూర్చున్నా. బ్యాటరీ ఐసుగడ్డైంది, చార్జింగు ఎక్కట్లా. వెచ్చపడిందాకా ఇంతేనంట."

"ఇక్కణ్ణించి నొక్కేదా?"

"నొక్కు, చూద్దాం."

నొక్కాడు. చార్జింగు మరీ తక్కువ, వేడిచేయడం కుదరదని వచ్చింది తెరమీద.

"కుదరదంటందే."

"దానికైనా బుద్ధుంది."

వాడు నవ్వలేదు. ఆవిడే, "ఎన్ని గంటలో ఏమో, నేనూ ఇందులోంచి కదల్లేను. తోట సంగతి చెప్పు," అంది.

"రెండో కోతకొచ్చింది," అన్నాడు వాడు, దిండు సర్దుకుంటూ.