గేటు మాత్రం ఎలిశిబాది

నేను ఫొటోలు తీసేవాణ్ని. పేరు మదన్ మోహన్, మెదక్‌లో రాందాస్ చౌరస్తా దగ్గర స్టూడియో. పెళ్లికొడుకు మొహం ఎలా ఉన్నా ఆల్బంలో మాత్రం బాగా రావాలంటారు జనం. వెనక డెకరేషన్ సరిగ్గా ఉంటే నా పని సగం అదే చేసిపెడుతుంది. అందుకే డెకరేషన్ వాళ్లలో ఎవరు పనిమంతులో, ఎవరు అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్లో నాకు తెలిసినంతగా పెళ్లి చేయించే పంతులుకు కూడా తెలియదు. నన్నడిగితే మా వైపు ఆ పని వచ్చిన మనిషి ఒక్కతే, ఎలిశిబా. ఎవరైనా కాదంటే నాకు కోపం వస్తుంది. వచ్చింది కూడా. ఆ సంగతే చెప్తున్నాను.

ఎలిశిబా భర్త సాల్మన్ రాజుది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికిస్తాడు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక జనం కంటికి ఉత్త షామియానా ఆనడం మానేసింది. స్టేజీ కావాలి, వెనక పరదా కావాలి, పూలు కావాలి అన్నారు. సాల్మన్ రాజు తల గోక్కున్నాడు. "పరదా నేను కడ్త, నువ్వు గుంజలు పాతు" అంది ఎలిశిబా. చర్చిలో కోత పండుగకు రైతులు తెచ్చే వరి పనలు, చెరుకు గడలు, గుమ్మడికాయలు అందంగా పేర్చే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. ఆ చెయ్యే పెళ్లి పందిట్లోకి వచ్చింది.

ఆమె పని ఎవరికైనా గుర్తుండిపోతుంది. రెండు రంగుల పూలకు మించి వాడదు. పెళ్లి జంట వెనక సాదా పరదా వదిలేస్తుంది, మొహాలు కనబడాలని. ఇక గేటు దగ్గర వరికంకుల కుచ్చు ఒకటి వేలాడుతుంది. చేను పూర్తిగా పండకముందే, కాస్త పచ్చిగా ఉండగానే కోయించి నీడన ఆరబెడుతుంది. బాగా పండితే గింజ రాలుతుంది. అల్లేముందు కాడలు తడిపి మెత్తబరుస్తుంది. మెడ దగ్గర మూడు పాయల జడలా అల్లి, కింద కంకులను గుత్తిగా వదులుతుంది.

పెళ్లయిన మర్నాడు పరదాలు పోతాయి, గుంజలు పోతాయి, వాడిన పూలు పెంటలో పడతాయి. కుచ్చును మాత్రం ఆమె విప్పదు. "అది పిచ్చుకలది" అంటుంది. ఆ పిచ్చుకలు వారాల తరబడి గేటు దగ్గర కిచకిచలాడుతూ తింటూనే ఉంటాయి. దారిన పోయేవాళ్లు నిలబడి, ఎవరు కట్టిండ్రని అడుగుతారు. ఇంటివాళ్లు చెప్తారు. ఎలిశిబాకు బోర్డు లేదు, కార్డు లేదు. ఆమెకు పనులన్నీ ఆ గేట్ల దగ్గర నుంచే వచ్చేవి.

మా వీధిలో బాలలక్ష్మమ్మ కూతురి పెళ్లి అలాగే చేసింది. ఆ గేటు చూసి ఎన్నో ఊళ్లవాళ్లు పిలిచారు. మరుసటి ఎండాకాలంలో బాలలక్ష్మమ్మ తోటికోడలు లలితమ్మ కూతురు వర్షిత పెళ్లి కుదిరింది. ఆమె కూడా ఎలిశిబానే పిలిపించింది.

"మా అక్క ఇంట్ల చేసినట్టే మంచిగుండాలె" అంది లలితమ్మ. "గని మా అక్క ఇంట్ల లెక్క ఉండొద్దు."

ఇలాంటి మాట తోటికోడళ్లు తప్ప ఇంకెవరూ అనలేరు. ఎలిశిబా నవ్వింది. "పూలు మారుస్త, రంగులు మారుస్త అమ్మా. గేటుకాడ కుచ్చు సుత వేరే తీర్గ అల్లుత."

"కుచ్చు అస్సలే వద్దు. చూడంగనే మా అక్క ఇల్లే యాదికొస్తది. నాకు హైద్రబాద్ పెండ్లిళ్ల లెక్క గావాలె."

పెద్ద ఇల్లు, పెద్ద పెళ్లి. ఎలిశిబా సరేనంది. హైదరాబాద్ నుంచి సామాను తెప్పించింది. థర్మాకోల్ స్తంభాలు, రెండు హంసలు, ఆర్కిడ్ పూలు, గులాబీ రంగు లైట్లు. ఆ లైట్ల కింద పెళ్లికూతురు నా కెమెరాలో బీట్‌రూట్‌లా కనిపించింది. నేను నెత్తి కొట్టుకున్నాను గానీ వచ్చినవాళ్లు మాత్రం నోళ్లు తెరిచారు.

"ఎవరు చేసిండ్రు లలితా?" అని అడిగింది వాళ్ల వదిన రామమ్మ, పాపన్నపేట నుంచి వచ్చిన ఆమె.

"హైద్రబాద్ పార్టీ వదినా" అంది లలితమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

అక్కడికి నాలుగడుగుల దూరంలోనే ఎలిశిబా వంగి హంస మెడ సరిచేస్తోంది. ఆమె విన్నది. నేనూ విన్నాను. నాకు ఒళ్లు మండింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, ఇక్కడ మందు పనిచేసింది గానీ చెట్టు పేరు మార్చేశారు.

మర్నాడు గుంజలు పీకుతుంటే వెళ్లి అడిగాను. "ఎందుకూకున్నవ్ అక్కా? నేనే చేసిన అని చెప్పొద్దా?"

"నా పేరు నేనే చెప్పుకుంటె ఏం మర్యాద తమ్మీ? వేరేటోళ్లు చెప్తెనే పని." పీకిన గుంజను పక్కన పడేసి అంది, "అయినా ఆమె అబద్ధం ఆడింది గని, ఆ హంస మీద నా చెయ్యి యాడన్న కనబడ్తుందా? బాధయింది. ఎందుకు గాదు. గని ఆమె మీదకంటె నా మీదనే ఎక్కువయింది."

బాలలక్ష్మమ్మ ఇంటి పెళ్లి తర్వాత ఆగకుండా మోగిన ఎలిశిబా ఫోను, అంతకు రెట్టింపు జనం వచ్చిన ఈ పెళ్లి తర్వాత నోరు మూసుకుంది. ఆషాఢంలో మోగకపోవడం మామూలే. శ్రావణంలోనూ అంతే. ఆ పెళ్లి చూసినవాళ్లకు హైదరాబాద్ గుర్తుంది, ఎలిశిబా గుర్తులేదు. పైగా లలితమ్మ గొప్పకు ఆడిన అబద్ధం ఊళ్లు తిరిగింది. ఎలిశిబా దగ్గర పనిచేసే ఆడవాళ్లు నాట్లకు కూలికి పోయారు. "మళ్ల కుర్చీల కిరాయే మన గతి" అన్నాడు సాల్మన్ రాజు. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు ఒక్క పెళ్లితో చెరిగిపోతుందేమోనని ఆమె భయపడింది. నాతో చెప్పింది కూడా.

ఆ చలికాలం లలితమ్మ ఎలిశిబా ఇంటికి తనే వచ్చింది. ఫొటోల పనిమీద నేనూ అక్కడే ఉన్నాను. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"మా వదిన బిడ్డ పెండ్లి, పాపన్నపేటల" అంది. "గా హైద్రబాద్ పార్టీనే పిలిపియ్యమంటున్నది. నేనేడికెల్లి తెద్దు?"

నాకు నవ్వాగలేదు. దగ్గినట్టు నటించాను.

"నువ్వే చెయ్యి ఎలిశిబా. గని హైద్రబాదోళ్ల పనే అని చెప్త. నువ్వు వాళ్లకాడ పనిచేసేటామె లెక్క ఉండు, జర."

తను కట్టిన పందిట్లో తనే కూలిమనిషిలా ఉండాలట. లేచి నాలుగు దులిపేద్దామనుకున్నాను. ఎలిశిబా నావైపు ఒక్క చూపు చూసింది, నేను లేవలేదు.

"చేస్త అమ్మా" అంది. "లోపట మీ ఇష్టం. హంసలంటె హంసలు, ఏనుగులంటె ఏనుగులు. గేటు మాత్రం నాది. నా కుచ్చు కడ్త. ఒప్పుకుంటెనే వస్త."

లలితమ్మ వెంటనే తలూపింది. ఆమెకున్న పరేషాన్‌లో గేటు పెద్ద విషయంగా తోచలేదు.

అవి తెలంగాణ కోసం రోడ్లన్నీ అట్టుడికిపోతున్న రోజులు. పెళ్లికి ముందు బంద్ పిలుపు వచ్చింది. బస్సులు డిపోలు దాటలేదు. కూడళ్లలో రాస్తారోకోలు. పెళ్లి కార్లను మామిడి తోరణం చూసి వదిలేవాళ్లు గానీ హైదరాబాద్ లారీలను ఎవరు వదులుతారు? హంసలు, ఆర్కిడ్లు అక్కడే ఆగిపోయాయి. లలితమ్మ ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది.

"ఏం రంది పడకుండ్రి" అంది ఎలిశిబా. సాల్మన్ రాజు ట్రాక్టర్ తీశాడు. మెదక్ చౌరస్తాలో జెండాలు పట్టుకున్న పోరగాళ్లు ఆపారు. "పెండ్లి సామానా అక్కా? పో పో" అని వాళ్లే దారిచ్చారు. పాపన్నపేట చేలల్లో బంతిపూలు, చామంతులు దొరికాయి, అరటి పిలకలు దొరికాయి. కుచ్చుకు కంకులను ఆమె ముందే పచ్చిగా కోయించి ఆరబెట్టి ఉంచింది. బంతి పసుపు, చామంతి తెలుపు, వెనక సాదా పరదా. పొద్దు వాలేసరికి అచ్చం ఎలిశిబా పందిరి లేచి నిలబడింది. కెమెరాలోంచి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎలిశిబా గేటు దగ్గర నిచ్చెన మీదుంది, పురికొస పళ్ల మధ్య పట్టుకొని కుచ్చు కడుతోంది. అప్పుడే రామమ్మ, లలితమ్మ, వాళ్ల మేనత్త యాదవ్వ పందిరి చూడ్డానికి బయటకొచ్చారు. యాదవ్వకు కళ్లు చురుకు, నోరు ఇంకా చురుకు.

"ఎవరే గింత సల్లగ చేసింది?" అంది.

"హైద్రబాదోళ్లు అత్తమ్మా" అంది రామమ్మ గర్వంగా. "లలిత పిలిపిచ్చింది."

"బంద్‌ల చీమ సుత కదుల్తలేదు. హైద్రబాదోళ్లు ఎట్లొచ్చిండ్రు, రెక్కలు కట్టుకోనొచ్చిండ్రా?" యాదవ్వ నిచ్చెన దగ్గరికి నడిచి తల పైకెత్తింది. "ఇగ గీ కుచ్చు నేను చూసిన. బాలలక్ష్మి గేటుకు ఇట్లనే ఉండె. పిచ్చుకలు తింటుంటె గంటసేపు గాడనే కూసున్న."

అందరి చూపూ లలితమ్మ మీదికి పోయింది. ఆమె మొహం పాలిపోయింది. నాకు నాలుక దురద పెట్టింది. నిచ్చెన మీద ఎలిశిబా నోట్లో పురికొస అలాగే ఉంది, చెయ్యి ముడి దగ్గరే ఆగింది. ఆమె మాట్లాడదని నాకు తెలుసు. తన పేరు తను చెప్పుకోదు. చెప్పాల్సింది లలితమ్మే.

లలితమ్మ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"హైద్రబాదోళ్లు ఎవ్వరు లేరు వదినా" అంది చివరికి. "మన మెదక్ ఎలిశిబానే. వర్షిత పెండ్లికి సుత ఈమెనే చేసింది. నేనే గొప్పకు పోయి అట్ల చెప్పిన."

"ముందే చెప్తె అయిపోయేది గదనే" అంది యాదవ్వ, విసుగ్గా. "మొన్న నా మనవరాలి పెండ్లికి ఎవన్నో పిలిస్తే, కాయితం పూలు కట్టి పోయిండు. ఓ బిడ్డా, కిందికి దిగు. వచ్చే మాఘంల మా చిన్నదాని పెండ్లుంది. వస్తవా?"

"వస్త అవ్వా" అంది ఎలిశిబా. పురికొస అప్పుడు నోట్లోంచి తీసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి, నవ్వుతోంది. ఆ ఫొటో తీశాను. ఇప్పటికీ స్టూడియోలో ఉంది, పెళ్లి ఆల్బంలో పెట్టడానికి వీల్లేదని ఎలిశిబా అంది కాబట్టి.

పాపన్నపేట గేటు దగ్గర ఆ కుచ్చును పిచ్చుకలు సంక్రాంతి దాటేదాకా తిన్నాయి. ఎలిశిబా దగ్గరి ఆడవాళ్లు కూలి మాని మళ్లీ పందిళ్లకొచ్చారు. మాఘంలో ఆమెను పట్టుకోవడం నావల్ల కూడా కాలేదు.

ఆ హడావిడిలోనే ఒకరోజు మా వీధిలో పోతున్న ఎలిశిబాను లలితమ్మ ఆపింది. నేను పక్కనే ఉన్నాను.

"మా గేటుకు సుత ఒక కుచ్చు కట్టరాదూ" అంది మెల్లగా.

"ఇప్పుడేంది అమ్మా? వర్షిత పెండ్లయి ఏడాది కావస్తుంది గదా."

"గా సంగతి పిచ్చుకలకేం తెలుసు?" అంది లలితమ్మ.

ఎలిశిబా మర్నాడే వచ్చి కట్టింది. అప్పటినుంచి ఆ గేటు ముందు ఎవరైనా ఆగి అడిగితే, లోపలి నుంచి లలితమ్మే బయటకొచ్చి పేరు చెప్తోంది.