బతికున్న హవల్దారుకు నివాళి

నిండు సభలో, జెండా సాక్షిగా, నేనొక మనిషిని చంపబోయాను. నా మీద కేసు పెట్టలేదు సరికదా, శాలువా కప్పారు. ఎట్లాగంటారా? పాప నిద్ర లేచేలోపు చెప్పేస్తాను.

అప్పుడు నేను ఎమ్మే చదువుతున్నాను. తార్నాకలో అద్దె గది, అందులో నాకు తోడు స్వరూప. యూనివర్సిటీలో రిపబ్లిక్ డే సభకు సైనికుల మీద కవిత రాసే పని నాకొచ్చింది. శత్రువుల తలలు నరికి, నెత్తురు మూసీలా పారించి, తీసుకెళ్లి మా తెలుగు మేడంకు చూపించాను. ఆమె ఎర్ర పెన్ను తీసింది.

"శత్రువు వద్దు. నెత్తురు వద్దు. తుపాకీని పొగడొద్దు."

"అవన్నీ తీసేస్తే ఏం మిగుల్తది మేడం?"

"మనిషి మిగుల్తడమ్మా. ఆయన కాపలా కాసే చలి, తాగే చాయ్, ఇంటికి చేసే ఫోను. అవి రాయి. చిన్నగ రాయి."

రాశాను. చలి పెట్టాను, చాయ్ పెట్టాను. కానీ జనం ఏడవకపోతే అదేం నివాళి? అందుకని చివర్లో ఇట్లా ముగించాను:

"గుమ్మంలో నీ చెప్పులు అట్లనే ఉన్నయి.
నువ్వే రాలేదు."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నయం. నేను కొండలాంటి మనిషిని కాగితంలో పూడ్చిపెట్టాను. పైగా కవిత అయిపోగానే ముందుకొచ్చి పూలు చల్లాలని ఇద్దరమ్మాయిలకు నేర్పాను కూడా.

ఆ రోజు జెండా ఎగరేశారు, జాతీయగీతం పాడాం. తర్వాత అతిథిని పరిచయం చేశారు: సెలవు మీద వచ్చిన హవల్దారు, మన అంబర్‌పేట్ ఆయనే, వారంలో మళ్లీ సరిహద్దుకు వెళ్తారట. పక్కనే భార్య, ఒళ్లో చంటిపాప.

స్వరూప నా చెయ్యి గిల్లింది. "ఓయ్, నువ్వు చంపినాయన గీడనే కూసున్నడే! భార్య గూడ వచ్చింది!"

"ఇప్పుడేం చెయ్యాలె?"

"నాకేం తెల్సు? లేపు ఆయన్ని!"

అంతలో నా పేరు పిలిచారు. కాగితం పట్టుకుని మైకు దగ్గరికి వెళ్లాను. చలి చదివాను, హవల్దారు తలూపాడు. చాయ్ చదివాను, నవ్వాడు. "గుమ్మంలో నీ చెప్పులు..." అన్నాను. ఆవిడ పాపను గట్టిగా హత్తుకుంది. ఆ చేతిని చూసి చదవడం ఆపేశాను. ఉద్వేగమనుకున్నారు అందరూ. అబ్బే, నేను మనిషికి ప్రాణం పోసే పనిలో ఉన్నాను.

"...తుడిచి పెట్టినం.
సెలవు దొరికిన రోజు వచ్చి తొడుక్కో, చాలు.
రాలేనోళ్ల చెప్పులకు
మేమంత ఇంటోళ్లం."

మొదటి చప్పట్లు ఆవిడవే. ఆ తర్వాత హాలు హాలంతా మోగిపోయింది. ఇంతలో ఆ ఇద్దరమ్మాయిలు నేను నేర్పింది మర్చిపోకుండా వచ్చి, పళ్లెం పూలూ హవల్దారు నెత్తిన కుమ్మరించారు!

ఆయన మీసంలోంచి బంతిరేకు తీసుకుని మైకు పట్టుకున్నాడు. "మా మీద పూలు ఎప్పుడు పడ్తయో మాకు ఎరుకే. బతికుండంగ పడుడు ఇదే ఫస్ట్. మస్తుగున్నది!"

నవ్వుల్లో భార్య నవ్వే గట్టిగా వినిపించింది. మేడం నాకు శాలువా కప్పుతూ చెవిలో అన్నది: "కాగితంల ఇది లేదు కదనే?"

ఇప్పుడు మా పాప స్కూలువాళ్లు సైనికుల మీద నాలుగు లైన్లు రాసివ్వమన్నారు. రాస్తాను. కానీ ఇదిగో, జెండా మీద ఒట్టు: ముందు వరసలో ఎవరు కూర్చుంటారో, వాళ్లకు ఊపిరి ఆడుతుందో లేదో కనుక్కోకుండా ఈ జన్మలో ఎవరికీ నివాళి రాయను.