ఎనిమిది గంటల నీళ్లు

నాకు కోపం ముక్కుమీద ఉండేది. అరవైల చివర్లో విజయనగరం దగ్గర ఒక మిల్లువాళ్లు ఐదు వందల ఇళ్లతో కార్మికుల కాలనీ కడుతుంటే, దాని మురుగునీటి శుద్ధి పని నా చేతికిచ్చారు. వయసు పాతికే. ఎవరైనా నా డ్రాయింగు మీద వేలు పెడితే ఊరుకునేవాణ్ణి కాదు.

లెక్క ఇది. కాలనీ నుంచి రోజుకు అరవై వేల గ్యాలన్ల మురుగు వస్తుంది. శుద్ధి చేసే రాళ్ల పడకకు నీరు ఎప్పుడూ ఒకే ధాటిన అందాలి, అంటే గంటకు రెండున్నర వేల గ్యాలన్లు. వచ్చే నీరేమో ఒక గంట ఎక్కువ, ఒక గంట తక్కువ. ఆ హెచ్చుతగ్గులను పట్టి ఉంచడానికి ముందు ఒక తొట్టి కట్టి, అందులోంచి పంపుతో సమంగా తోడాలి. పుస్తకంలో ఉన్న నీటి వాడకం గ్రాఫు చూసి దానికి పన్నెండు వేల గ్యాలన్లు చాలన్నాను. సంతకం కూడా పెట్టేశాను.

గొయ్యి తవ్వడం అయిపోయింది. సోమవారం కాంక్రీటు. మట్టి గంపలు మోసే ఆడవాళ్లలో పెద్దావిడ ఒకరోజు గట్టుమీద నిలబడి అడిగింది.

"బాబూ, ఈ తొట్టి నిండిపోతే ఆ నీల్లు ఏటవుతాయి?"

"ఆ గొట్టంలోంచి పక్కన పారే గెడ్డలోకి పోతాయి. కానీ నిండదులే."

"ఓలమ్మో! ఆ గెడ్డలోనే కదా మా సెలమ ఉన్నాది. ఇసక తవ్వి ఆ నీల్లే తాగుతాం. మా మనవరాలికీ అవే."

"నిండదని చెప్పాను కదమ్మా!"

"ఎందుకు నిండదు బాబూ? మిల్లు కూలోల్ల ఇల్లకి కొలాయి తెల్లారకట్ల ఇప్పుతారు, సైరన్ కూసీసరికి కట్టీస్తారు. అందరూ ఒక్కపాలే తానాలాడి, అంట్లు తోమి, బట్టలు జాడించీస్తారు. మళ్లీ సాయంత్రం రెండు గంటలు. మీ బంగళాల్లోనాగ ఇరవై నాలుగు గంటలూ నీల్లొస్తాయా ఏటి ఆల్లకి?"

ఒళ్లు మండిపోయింది. "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. ఆవిడ గంప ఎత్తుకుంది. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నాకు సిగ్గుగానే ఉంది.

నేనుండే క్వార్టర్సుకు మిద్దె మీద ట్యాంకు ఉండేది. ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్లు. కార్మికుల ఇళ్లకు కొళాయి ఎన్ని గంటలకు వస్తుందో నేను ఒక్కసారైనా అడగలేదు.

ఆవిడ తప్పని తేల్చేద్దామనే పంతంతో మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి వెళ్లాను. అప్పటికే జనం చేరిన వంద ఇళ్ల మురుగు ఒక మ్యాన్‌హోల్‌లోకి వచ్చేది. మూడుకోణాల గాటు కోసిన పలకను అందులో అడ్డం పెట్టి, గాటులో నీటి ఎత్తును బట్టి ఎంత నీరు పోతోందో అరగంటకోసారి రాసుకున్నాను. రాత్రి వంతు పంపు ఆపరేటరు రాశాడు. మర్నాటికి కూడి చూస్తే రోజంతా వచ్చే నీటిలో సరిగ్గా సగం పొద్దున ఐదు నుంచి ఎనిమిది లోపలే వచ్చేస్తోంది.

ఐదు వందల ఇళ్లకైతే ఆ మూడు గంటల్లో ముప్ఫై వేలు. పంపు తోడేది ఏడున్నర వేలే. మిగిలిన ఇరవై రెండున్నర వేలు తొట్టిలో నిలవాలి, నా తొట్టి పట్టేది పన్నెండు. పది వేల పైచిలుకు మురుగు రోజూ పొద్దున్నే ఆవిడ చెలమలోకి! రోజు మొత్తానికి ప్లాంటు సరిపోతుంది, ఎనిమిది గంటలకు మాత్రం మునిగిపోతుంది.

పెద్ద ఇంజనీరు గారి ముందు కాగితం పెట్టాను.

"ఈ సంతకం ఎవరిదోయ్?"

"నాదేనండి. తప్పూ నాదే."

ఆయన పెన్సిలు తీసి నా లెక్క మళ్లీ వేశారు. "ఏకంగా నలభై వేలకు పెంచేస్తే?" అన్నారు చివరికి.

"ఇరవై ఎనిమిది వేలు చాలండి. మరీ పెద్దదైతే నీరు నిలవుండి కుళ్లుతుంది. అడుగున మడ్డి పేరకుండా కలిపే రెక్కలు కూడా పెట్టాలండి."

సోమవారం కాంక్రీటు ఆగింది. గొయ్యి మళ్లీ తవ్వారు. ఆవిడ గంపతో ఎదురైనప్పుడు "నువ్వన్నదే నిజమమ్మా, కసిరినందుకు ఏమనుకోకు" అన్నాను. "నవ్వులాటకి అడగనేదు బాబూ" అని మాత్రం అంది.

ఇళ్లన్నీ నిండాక మొదటిసారి ప్లాంటు పూర్తిగా నడిపిన రోజు ఆవిడా వచ్చింది, చంకన మనవరాలు, చేతిలో ముంత. ఎనిమిదయ్యేసరికి తొట్టిలో నీరు పైకి లేచి, గెడ్డకు పోయే గొట్టానికి రెండు జానల కింద ఆగింది. తర్వాత మెల్లగా దిగడం మొదలెట్టింది. శుద్ధయిన నీరు సరుగుడు తోటలోకి పోయింది. గెడ్డ గొట్టం పొడిగానే ఉంది.

ఆవిడ ముంత నా ముందుకు చాపింది.

"మా సెలమ నీల్లు. ముందు నువ్వు తాగు బాబూ."

గటగటా తాగేశాను. ఆవిడ నా ముఖంకేసి కాసేపు చూసి, మిగిలిన నీళ్లు మనవరాలి నోటికందించింది.