రేపు నీళ్లు బంద్, ఎక్కడో చెప్పం

మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో ‘చిటికె వార్త’ అనే యాప్ ఆఫీసు ఉంది. అక్కడ వార్తలు రాసేవాళ్లను మామూలు రోజుల్లో ‘స్టోరీ పార్ట్‌నర్స్’ అంటారు. తప్పు దొర్లిన రోజున మాత్రం సబ్ ఎడిటర్లు అంటారు.

ఉమాశ్రీ అలాంటి పార్ట్‌నరే. సొంతూరు కాకినాడ, కాపురం చందానగర్‌లో. పెళ్లికి ముందు కొన్నాళ్లు రేడియో వార్తా విభాగంలో తాత్కాలిక ఉద్యోగం చేసింది. అక్కడి పెద్దాయన సోమేశ్వరరావు గారు ఎవరు ఏ వార్త తెచ్చినా ‘ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ’ అని నాలుగు ప్రశ్నలు వేసేవారు. ఒక్కదానికి జవాబు తడబడినా కాగితం వెనక్కి వచ్చేది. ఆ అలవాటు ఉమాశ్రీని ఎంతగా పట్టుకుందంటే, భర్త జశ్వంత్ “బయటికెళ్లొస్తా” అన్నా ఊరుకునేది కాదు. “ఎక్కడికండీ, ఎప్పటికొస్తారు?” అనేది. “ఇది ఇల్లా, వార్తా విభాగమా?” అని అతను విసుక్కునేవాడు.

ఆఫీసులో ఆమె పని చెప్పడానికి తేలిక. ప్రాంతీయ వార్తల బులెటిన్ రేడియోలో పూర్తికాగానే ఒక యంత్రం ఆ మాటలన్నిటినీ అక్షరాల్లోకి దించి పెడుతుంది. అందులోంచి ఒక్కో వార్తకు ఒక్కో శీర్షిక తీయాలి. కానీ ఆ యంత్రానికి కామా తెలియదు, ఫుల్‌స్టాప్ తెలియదు. చివర్లో ‘ముఖ్యాంశాలు మరోసారి’ అనగానే పాత వార్తలన్నీ కొత్తవనుకుని మళ్లీ వరస పెడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు ఒకే ప్రమాదాన్ని రెండు ప్రమాదాలుగా వేసి, చనిపోయినవాళ్ల లెక్కను కూడా రెండింతలు చేసిన రోజులున్నాయి.

ఆ గురువారం సాయంత్రం యంత్రం ఇలా దించింది: “బాచుపల్లి ప్రధాన పైపులైను మరమ్మతుల కారణంగా రేపు ఉదయం నుంచి సాయంత్రం వరకు సాయి కాలనీ రైతు కాలనీ లక్ష్మీ కాలనీలకు నీటి సరఫరా నిలిపివేస్తున్నట్లు ఇంజనీరు యజ్ఞం నారాయణ తెలిపారు”.

నీళ్ల ఇంజనీరు యజ్ఞం చేయడమేమిటని ఉమాశ్రీ ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆడియో విన్నది. మనిషి పేరు యజ్ఞనారాయణ. యంత్రం పేరు మధ్యలో విరిచింది. కాలనీల పేర్లు కూడా విని సరిచూసుకుంది. తర్వాత ‘రేపు’ దగ్గర ఆగింది. రేడియో విన్నవాడికి రేపంటే రేపే. ఫోన్‌లో శీర్షిక ఎవరు ఎప్పుడు చూస్తారో దేవుడికే తెలియాలి. అందుకని ‘రేపు’ తీసేసి ‘శుక్రవారం’ అని పెట్టింది.

“శుక్రవారం పగలంతా బాచుపల్లిలో మూడు కాలనీలకు నీళ్లు బంద్: ఇంజనీరు యజ్ఞనారాయణ.”

నాలుగు ప్రశ్నలకూ జవాబు వచ్చిందని తృప్తిపడి పైకి పంపింది. పైన ఉన్నది ప్రొడక్ట్ హెడ్ ఉదయ్ భాస్కర్. ఆయన శీర్షికను చదవడు, కొలుస్తాడు.

“ఉమాశ్రీ గారూ, ఇది హెడ్‌లైనా, పెళ్లిపత్రికా?” అన్నాడు. “యూజర్ దగ్గర అంత టైం లేదండి. పంచ్ కావాలి.”

“ఎక్కడో చెప్పకపోతే ఎలాగండి?”

“చెప్తే ఆ ఏరియా వాళ్లే క్లిక్ చేస్తారు. చెప్పకపోతే అందరూ చేస్తారు. డేటా అదే చెప్తోంది. ఇంజనీరు ఎవరికి కావాలి? ‘శుక్రవారం’ కూడా చల్లగా ఉంది, ‘రేపు’లో అర్జెన్సీ ఉంది.”

ఆయన చేత్తో దిద్దాక మిగిలింది ఇంతే: “రేపు నీళ్లు బంద్!”

ఉమాశ్రీ నోరు తెరిచింది. కానీ కింద ఇంటికెళ్లే క్యాబ్ హారన్ కొడుతోంది, బులెటిన్‌లో ఇంకా మూడు వార్తలు మిగిలే ఉన్నాయి. తెరిచిన నోరు మూసుకుంది. శీర్షిక వెళ్లిపోయింది.

వెళ్లిన కాసేపటికే నార్సింగి నుంచి చందానగర్ దాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు అట్టుడికిపోయాయి. ఉమాశ్రీ ఇంటికి చేరేసరికి బకెట్లు, కుక్కర్లు, చివరికి బోర్న్‌వీటా డబ్బాలు కూడా నిండి ఉన్నాయి. జశ్వంత్ చొక్కా తడిసి ముద్దయింది.

“మన ఏరియాకి కాదండీ, బాచుపల్లికి!” అంది ఆమె.

“మీ యాప్‌లోనే చూశానే!” అన్నాడతను, డబ్బా మూత బిగిస్తూ.

తెల్లారేసరికి ట్యాంకర్లవాళ్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. నార్సింగిలో ఉదయ్ భాస్కర్ ఉండే టవర్లలో అందరూ ఒక్కసారే కొళాయిలు విప్పడంతో పైనున్న ట్యాంకులు ఖాళీ అయిపోయాయి. ఏ మరమ్మతూ లేని చోట నిజంగానే నీళ్లు ఆగిపోయాయి. ప్రొడక్ట్ హెడ్ గారు స్నానం లేకుండా, సెంటు కొట్టుకుని ఆఫీసుకు వచ్చారు. వచ్చీ రాగానే శీర్షికను ఎంతమంది తెరిచారో స్క్రీన్ మీద చూసి, “రికార్డ్ ఓపెన్స్!” అన్నారు.

అప్పుడే ప్యాంట్రీలో పనిచేసే యాదమ్మ వచ్చింది. ఆమెది బాచుపల్లి, అందులోనూ లక్ష్మీ కాలనీ.

“ఏంది మేడం గిట్ల జేసిండ్రు?” అంది ఉమాశ్రీతో. “పొద్దుగాల లేచి ఫోన్ జూస్తే రేపు నీళ్లు బంద్ అని ఉన్నది. ఇయ్యాల శుక్రారం, రేపంటే శనారమే గదా అనుకున్న. జర ఫికర్ లేకుంట కూసున్న. నల్లా తిప్పితే చుక్క రాలే. ఇంట్ల ముసలామెకు దప్పికైతుందంటే పక్కింట్ల అడుక్కున్న.”

నీళ్లు ఆగని చోట్ల అందరూ దాచుకున్నారు. నిజంగా ఆగిన చోట యాదమ్మ దాచుకోలేదు. ఉమాశ్రీకి ముఖం చెల్లలేదు. ముందురోజు ఆ క్యాబ్‌ను ఇంకో ఐదు నిమిషాలు ఆపినా బావుండేదనిపించింది.

ఆ పూటే ‘గోదావరి’ అనే పేరున్న మీటింగ్ గదిలో సమావేశం పెట్టారు. గోదావరిలో తాగడానికి నీళ్లు లేవు. బయటి నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి గనక సవరణ వేయాలన్నారు. ఉదయ్ భాస్కర్ తనే రాసుకొచ్చాడు: “ఒక అప్‌డేట్ విషయంలో కొంత అసౌకర్యం కలిగింది.”

ఉమాశ్రీ ఈసారి నోరు మూసుకోలేదు. “ఎవరు కలిగించారండి?” అంది.

“అది అవసరమాండి?”

“ఏ అప్‌డేట్? ఎప్పటిది? ఎక్కడివాళ్లకి?”

లీగల్ టీమ్ నుంచి వచ్చిన ఆదర్శ్ గొంతు సవరించుకుని, “ఎవరు అనేది రాస్తే బాధ్యత మన మీద పడుతుంది” అన్నాడు.

“రాయకపోతే ఇంజనీరు మీద పడుతుందండి. పాపం, ఆయన అన్నీ చెప్పాడు. మనమే మింగేశాం” అంది ఉమాశ్రీ. “మీరు రాసింది నేను వేయను. వేయాలనుకుంటే మీ లాగిన్‌తో వేసుకోండి.”

ఉదయ్ భాస్కర్ ల్యాప్‌టాప్ దగ్గరకు లాక్కున్నాడు. సొంత పేరు మీద వేయడమనేసరికి వేళ్లు ఆగిపోయాయి. కాసేపు స్క్రీన్ కొలిచి, ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఆమె వైపు తిప్పాడు.

ఆమె రాసింది: “గురువారం ‘చిటికె వార్త’ ఇచ్చిన నీళ్ల శీర్షిక తప్పు, శుక్రవారం నీళ్లు ఆగింది బాచుపల్లిలోని సాయి, రైతు, లక్ష్మీ కాలనీలకే.”

పెళ్లిపత్రికంత పొడుగున్నా జనం చదివారు. చదివి తిట్టారు. తిట్టినవాళ్లు ఎవరిని తిట్టాలో తెలిసే తిట్టారు.

సోమవారం ఉదయ్ భాస్కర్ ఆఫీసు మొత్తాన్ని నిలబెట్టి స్లైడ్లు చూపించాడు. ‘ఫోర్ డబ్ల్యూ ఫ్రేమ్‌వర్క్’ అట. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి లేకుండా ఇకపై ఏ శీర్షికా వెళ్లదట. తన సొంత పరిశోధన ఫలితమట. చప్పట్లు కొట్టారు. ఉమాశ్రీ కూడా కొట్టింది. ఎవరు కనిపెట్టారన్నది ఒక్కటే ఆ స్లైడ్లలో తప్పు, మిగతా మూడూ సరిగ్గానే ఉన్నాయి.

స్లైడ్లు అయ్యాక ప్యాంట్రీకి వెళ్లి, “యాదమ్మా, నీళ్లు వచ్చాయా?” అని అడిగింది.

“శుక్రారం సందేళకే వచ్చినయ్ మేడం. బురద రంగున్నయ్” అంది యాదమ్మ.

ఉమాశ్రీ సీటుకు తిరిగొచ్చి, ఆ బురద నీళ్ల వార్త మధ్యాహ్నం బులెటిన్‌లో ఏమైనా వచ్చిందేమోనని ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.